కుక్కల చర్మ అలర్జీ: ఫ్లీల వల్లనా, తిండి వల్లనా తేల్చుకునే విధానం

హైదరాబాద్‌లో వానలు పట్టుకున్న కొన్నాళ్లకు కుక్కలను పెంచే ఇళ్లలో ఒకే రకమైన కష్టం మొదలవుతుంది. నిన్న సాయంత్రం వరకు బాగానే ఉన్న కుక్కకు తెల్లారేసరికి తోక మొదట్లో అరచేతి వెడల్పున జుట్టు ఊడిపోయి, చర్మం ఎర్రగా కమిలి, రసి కారుతూ కనిపిస్తుంది. దీనినే హాట్ స్పాట్ అంటారు. ఇరుగుపొరుగు వారు చూసి, చికెన్ వేడి చేసిందని, వెంటనే మానిపించమని చెబుతారు. ఇంట్లో వాళ్లు ఆ రోజే చికెన్ మానిపిస్తారు, డాక్టరు ఇంజెక్షన్ ఇస్తారు, నాలుగు రోజుల్లో పుండు మాడుతుంది. ఇక ఆ కుక్కకు చికెన్ పడదన్న మాట ఇంట్లో స్థిరపడిపోతుంది. మూడు వారాల తర్వాత దురద మళ్లీ మొదలైనప్పుడు మాత్రం ఎవరికీ కారణం తోచదు.

దురదకు కారణం తిండా, కుక్క రక్తం పీల్చే ఫ్లీ అనే చిన్న పురుగులా అన్నది పుండును చూసి ఊహించవచ్చు గానీ, చూసినంత మాత్రాన తేల్చలేము. ఒక క్రమంలో పని చేస్తేనే అది తేలుతుంది. ముందు ఫ్లీల దారి పూర్తిగా మూసివేయాలి, ఆ తర్వాత మిగిలిన దురదను బట్టి ఆహార పరీక్ష చేయాలి, చివరికి పాత తిండిని మళ్లీ పెట్టి చూడాలి. ఈ క్రమం తప్పితే నెలల తరబడి చేసిన శ్రమ వృథా అవుతుంది.

మొదట పుండును చల్లార్చడం

హాట్ స్పాట్ ఒక రోగం కాదు, లోపల ఉన్న దురదకు బయట పడిన ఫలితం. కుక్క ఒకే చోట ఆపకుండా నాకి, కొరికి, గీరుకోవడం వల్ల పై చర్మం చెదిరి, ఆ తడిలో బ్యాక్టీరియా పెరుగుతుంది. కొన్ని గంటల్లోనే పుండు రెట్టింపు కావచ్చు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ వంటి దట్టమైన లోపలి జుట్టు ఉన్న జాతుల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే స్నానం తర్వాతో వానలో తడిసిన తర్వాతో ఆ జుట్టు అడుగున తేమ చాలా సేపు నిలిచిపోతుంది.

ముందుగా కుక్క పుండును నాకకుండా మెడకు గరాటులాంటి కోన్ తొడగాలి. కుక్క నాలుక ఆగనంత వరకు ఏ మందూ పని చేయదు. తర్వాత ట్రిమ్మర్‌తో పుండు మీది జుట్టును, అంచు దాటి మరో రెండు సెంటీమీటర్ల వరకు తీసివేయాలి. పైకి రూపాయి బిళ్లంత కనిపించే పుండు జుట్టు తీశాక అరచేయంత ఉండటం మామూలే. ఇది చాలా నొప్పి కలిగించే చోటు కాబట్టి కుక్క గుర్రుమంటే బలవంతం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి, అక్కడ అవసరమైతే మత్తు ఇచ్చి తీస్తారు. జుట్టు తీసిన చోటును డాక్టరు సూచించిన క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో రోజుకు రెండుసార్లు తుడిచి, మెత్తని గుడ్డతో అద్ది, ఫ్యాన్ గాలికి ఆరనివ్వాలి. కట్టు కట్టకూడదు. కొబ్బరి నూనె, వేప నూనె, పసుపు ముద్ద వంటివి పూస్తే తేమ లోపలే ఉండిపోతుంది, పైగా కుక్క వాటిని నాకడానికే చూస్తుంది. మనుషులకు వాడే నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, కుక్కకు ప్రాణాపాయం తెస్తాయి.

పుండు చుట్టూ విడివిడిగా చిన్న చీము పొక్కులు కనిపిస్తే ఇన్ఫెక్షన్ లోపలి పొరల్లోకి దిగిందని అర్థం, అప్పుడు నోటి ద్వారా యాంటీబయాటిక్ కావలసి రావచ్చు. వానాకాలంలో మన ఊళ్లో మరొక ప్రమాదం ఉంది. తడిగా తెరిచి ఉన్న పుండు మీద ఈగలు గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. దుర్వాసన వచ్చినా, పుండులో కదలిక కనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

పుండు ఎక్కడ వచ్చింది, దురద ఎక్కడ ఉంది

ఫ్లీ అలర్జీ ఉన్న కుక్క ఎక్కువగా తన వెనుక భాగాన్నే కొరుక్కుంటుంది. నడుము కింది భాగం, తోక మొదలు, వెనుక తొడల వెనుక భాగం, కొన్నిసార్లు పొట్ట కింద బొడ్డు చుట్టూ దురద ఉంటుంది. ముందు పళ్లతో జుట్టును పట్టి, మొక్కజొన్న కంకిని కొరికినట్టు టకటకా కొరకడం దీనికి గుర్తు. తిండి అలర్జీ ఉన్న కుక్కలో చెవులు, పాదాలు, చంకలు, గజ్జలు, మలద్వారం చుట్టూ ఉన్న చోటు ఎక్కువగా దెబ్బతింటాయి. రెండు చెవులూ మాటిమాటికీ ఎర్రబడి వాసన వేయడం, పాదాల మధ్య జుట్టు నాకి నాకి గోధుమ రంగులోకి మారడం, రోజుకు మూడు సార్లకు మించి విరేచనం కావడం, కడుపులో గ్యాస్ ఉండటం తిండి వైపు అనుమానాన్ని పెంచుతాయి. ఏడాది లోపు వయసులో గానీ, పెద్ద వయసులో కొత్తగా గానీ దురద మొదలైతే కూడా తిండిని గట్టిగా అనుమానించాలి.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. దుమ్ములోని సూక్ష్మకీటకాలకు, పుప్పొడికి వచ్చే అటోపీ అనే అలర్జీ కూడా సరిగ్గా చెవుల్లోనూ పాదాల్లోనూ కనిపిస్తుంది. తిండి అలర్జీని, అటోపీని చూపుతో విడదీయడం అనుభవం ఉన్న డాక్టరుకు కూడా సాధ్యం కాదు. చెవి అంచుల మీద, మోచేతుల మీద పొట్టు కట్టి విపరీతమైన దురద ఉంటే గజ్జి కావచ్చు, దానిని ముందే పరీక్షించి పక్కన పెట్టాలి. ఒక కుక్కకు రెండు అలర్జీలు కలిసి ఉండటం కూడా చాలా సాధారణం, అసలు గందరగోళం అక్కడే పుడుతుంది.

ఫ్లీలు కనిపించలేదంటే లేవని కాదు

మన దగ్గర కుక్కలు పెంచేవారికి పిడుదులు బాగా తెలుసు, ఎందుకంటే అవి చెవిలోనో వేళ్ల మధ్యో పట్టుకుని కదలకుండా ఉంటాయి. ఫ్లీ అలా ఉండదు. రెక్కలు లేని, పక్కలు నొక్కుకుపోయిన, ముదురు గోధుమ రంగు చిన్న పురుగు అది. జుట్టు విడదీసేలోపే జారిపోతుంది, లేదా గెంతిపోతుంది. పైగా అలర్జీ ఉన్న కుక్క ఒళ్లంతా కొరుక్కుంటూ ఫ్లీలను తానే మింగేస్తుంది. దాని ఒంటి మీద పదీ ఇరవై ఫ్లీలు ఉండాల్సిన అవసరం లేదు. అలర్జీ పురుగు లాలాజలానికి కాబట్టి కొద్దిపాటి కాట్లు చాలు, రోజుల తరబడి దురద నిలుస్తుంది.

అందువల్ల పురుగు కోసం కాక, దాని జాడ కోసం వెతకాలి. సన్నని పళ్లున్న ఫ్లీ దువ్వెనతో తోక మొదట్లో చర్మానికి ఆనించి దువ్వి, రాలిన దానిని తెల్ల కాగితం మీద దులపండి. మిరియాల పొడిలాంటి నల్లని నలుసులు పడితే వాటి మీద తడి దూదిని అద్ది ఒక నిమిషం ఆగండి. మట్టి అయితే బురద రంగులోనే ఉంటుంది. ఫ్లీ మలం అయితే నలుసు చుట్టూ ఇటుక రంగు ఎర్రదనం పాకుతుంది, ఎందుకంటే అది జీర్ణమైన కుక్క రక్తమే. మరొక జాడ మలద్వారం దగ్గర దొరుకుతుంది. అక్కడి జుట్టుకో, పడుకునే గుడ్డకో ఎండిన బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే అవి బద్దె పురుగు ముక్కలు. ఆ పురుగు కుక్కకు ముఖ్యంగా ఫ్లీని మింగడం వల్లనే వస్తుంది, కాబట్టి ఒంటి మీద ఒక్క ఫ్లీ కూడా కనిపించకపోయినా, ఇంట్లో ఫ్లీలున్నాయని ఆ గింజలు చెబుతాయి.

మొదటి దశ: ఫ్లీల దారి మూసివేయడం

ఏ జాడా దొరకకపోయినా ఈ దశను దాటవేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఫ్లీల మందు చవక, ఆహార పరీక్ష కష్టం. చవకైన దానితో తేలేది ముందు తేల్చుకోవాలి.

ఇప్పుడు దొరికే మందుల్లో ఐసోక్సజోలిన్ వర్గానికి చెందిన మాత్రలు వేగంగా పని చేస్తాయి. అఫోక్సొలానర్ నెలకొకసారి, ఫ్లూరలానర్ మాత్ర పన్నెండు వారాలకొకసారి ఇవ్వాలి. బరువును బట్టి మాత్ర ఎంచుకోవాలి, మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు ఈ వర్గం ఇచ్చే ముందు ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పాలి. ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకూ, ప్రతి పిల్లికీ అదే రోజు మందు పడాలి. కుక్కల కోసం చేసిన పెర్మెత్రిన్ మందు పిల్లికి విషం, కాబట్టి పిల్లికి పిల్లుల మందే వాడాలి.

మందు వేసిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు కొత్త ఫ్లీలు కనిపిస్తూనే ఉంటాయి, చాలామంది మందు పని చేయలేదని వదిలేసేది ఇక్కడే. కుక్క ఒంటి మీద ఉండేవి పెద్ద ఫ్లీలు మాత్రమే. గుడ్లు రాలి పరుపులో, సోఫా సందుల్లో, కారు మ్యాట్ల కింద, మెట్ల కింది దుమ్ములో పడి, అక్కడే లార్వాలై, గూడు కట్టుకుని ఉంటాయి. గూటిలోని ప్యూపాను ఇంట్లో చల్లే మందు దాదాపుగా తాకలేదు. అవి వరుసగా బయటికి వచ్చి, మందు పడిన కుక్కను కుట్టి, చచ్చిపోతూ ఉంటేనే ఇల్లు ఖాళీ అవుతుంది. దీనికి సుమారు రెండు మూడు నెలలు పడుతుంది. ఆ కాలంలో కుక్క పడుకునే గుడ్డలను వారానికొకసారి వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి, సోఫా కింద, మంచం కింద వాక్యూమ్ చేసి ఆ సంచిని ఇంటి బయట పారేయాలి. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలోనూ, అపార్ట్‌మెంట్ సెల్లార్లలోనూ కారు కింద పడుకునే వీధి పిల్లులు కొత్త గుడ్లను రాలుస్తూ ఉంటాయని గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల పొడి వేడిలో ఆరుబయట ఫ్లీ లార్వాలు బతకడం కష్టం, వాటికి గాలిలో తేమ కావాలి. అందుకని వేసవిలో మందు ఆపేస్తారు. కానీ అదే నెలల్లో ఇంట్లో ఎయిర్ కూలర్ నడుస్తుంది, కిటికీలు మూసిన గదిలో తేమ పెరుగుతుంది, సోఫా కింద లార్వాలకు ఆ తేమ చాలు. ఫ్లీ అలర్జీ ఉన్న కుక్కకు ఏడాది పొడవునా మందు వేయాల్సిందే.

ఈ దశలో వారానికొకసారి, ఒకే మనిషి, దురదకు సున్నా నుంచి పది వరకు మార్కు వేసి రాసుకోవాలి. వెనుక భాగానికి ఒక మార్కు, చెవులు పాదాలకు కలిపి మరొక మార్కు వేస్తే తర్వాత చాలా ఉపయోగపడుతుంది. చర్మం మీద బ్యాక్టీరియా, ఈస్ట్ ఇన్ఫెక్షన్ ఉంటే అదీ దురద పుట్టిస్తుంది కాబట్టి, డాక్టరు చేత చర్మానికి టేపు అంటించి తీసి చూసే టేప్ పరీక్ష చేయించి ముందు దానిని తగ్గించుకోవాలి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ, చర్మ సమస్యలు చూసే ఏ క్లినిక్‌లో గానీ మైక్రోస్కోప్ కింద చేసే ఈ పరీక్ష చాలా తేలికైనది.

రెండో దశ: ఆహార పరీక్ష

ఫ్లీల దారి మూసిన తర్వాత కూడా దురద మిగిలితేనే ఇక్కడికి రావాలి. తిండి అలర్జీకి రక్త పరీక్షలు, ఉమ్మి పరీక్షలు, వెంట్రుకల పరీక్షలు అమ్ముతున్నారు. వాటి ఫలితాలను బట్టి తిండిని నిర్ణయించడం తగదు, అలర్జీ లేని కుక్కలకు కూడా వాటిలో పాజిటివ్ వస్తుంది. నమ్మదగిన పరీక్ష ఒక్కటే: కుక్క ఇంతవరకు ఎన్నడూ తినని మాంసకృత్తు ఒకటి, పిండి పదార్థం ఒకటి ఎంచుకుని, ఎనిమిది వారాల పాటు అవి తప్ప మరేదీ నోట్లో పడకుండా చూడటం.

కుక్కల్లో అలర్జీ కలిగిస్తాయని ఎక్కువగా తేలినవి గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడి మాంసం, గోధుమ. మన ఇళ్లలోని కుక్కలకు కోడి, గుడ్డు, పెరుగన్నం, పాలు, రొట్టె దాదాపు అన్నీ పరిచయమే. అందువల్ల చేప ఎన్నడూ తినని కుక్క అయితే చేప, చిలగడదుంప మంచి జత. చాలా ప్యాకెట్ తిండ్లలో చేప నూనో, చేప పొడో ఉంటుంది కాబట్టి ఇంతవరకు పెట్టిన ప్యాకెట్ల వెనుక చదివి చూసుకోవాలి. ముప్ఫై కిలోల లాబ్రడార్‌కు రోజుకు సుమారు 600 గ్రాముల రోహు చేప, 700 గ్రాముల చిలగడదుంప, ఒక పెద్ద చెంచా పొద్దుతిరుగుడు నూనె సరిపోతాయి. ఉడికించి, ముళ్లన్నీ తీసి, ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా పెట్టాలి. వారానికొకసారి తూకం చూసి పరిమాణం సవరించుకోవాలి. పెద్ద కుక్కకు ఈ కొద్ది వారాలు ఇది నడుస్తుంది గానీ, కాల్షియం, విటమిన్లు చాలని తిండి ఇది, కాబట్టి ఎదిగే కుక్కపిల్లకు ఈ పద్ధతి వాడకూడదు. వంట కుదరని ఇళ్లకు, కుక్కపిల్లలకు, మాంసకృత్తును అలర్జీ పుట్టించలేనంత చిన్న ముక్కలుగా విడగొట్టిన హైడ్రోలైజ్డ్ తిండిని డాక్టరు రాసిస్తారు. పాత తిండి నుంచి కొత్త తిండికి ఐదారు రోజుల్లో నెమ్మదిగా మార్చాలి.

పరీక్ష చెడిపోయేది ఎక్కువగా వంటింట్లో కాదు, చుట్టూ ఉన్న ప్రేమలో. బామ్మ ముద్ద కలిపేటప్పుడు కింద పడిన పెరుగన్నం, పిల్లాడు టీలో ముంచిన బిస్కెట్, వాచ్‌మన్ ఇచ్చిన రొట్టె ముక్క, నడకలో రోడ్డు పక్క దొరికిన కోడి ఎముక, ఇంకో కుక్క గిన్నెలో మిగిలిన తిండి, మాత్రను దాచి ఇచ్చిన పనీర్ ముక్క, వీటిలో ఏ ఒక్కటైనా ఫలితాన్ని పాడు చేస్తుంది. మాంసపు రుచి కలిపిన నమిలే మాత్రలదీ అదే సమస్య. అందుకని ఈ వారాల్లో ఫ్లీలకు మెడ మీద వేసే చుక్కల మందుకు మారాలి. నడకలో మూతికి బుట్ట తొడిగితే మంచిది.

దురద తట్టుకోలేకపోతే మొదటి కొన్ని వారాలు ప్రెడ్నిసోలోన్ గానీ ఒక్లాసిటినిబ్ గానీ డాక్టరు ఇవ్వవచ్చు, కానీ అవి ఆపిన తర్వాత కనీసం రెండు వారాలు కొత్త తిండి మీదే గమనించాలి. మందు వల్ల తగ్గిన దురదను తిండి వల్ల తగ్గిందని లెక్క వేసుకోకూడదు.

మూడో దశ: పాత తిండిని మళ్లీ పెట్టడం

చాలామంది దురద తగ్గగానే ఇక్కడ ఆగిపోతారు. ఆ తగ్గుదల వాతావరణం మారడం వల్ల కావచ్చు, ఫ్లీలు పోవడం వల్ల కావచ్చు. పాత తిండిని ఉన్నదున్నట్టు మళ్లీ పెట్టి రెండు వారాలు చూడాలి. తిండి అలర్జీ అయితే సాధారణంగా కొన్ని రోజుల నుంచి రెండు వారాల లోపు దురద తిరిగి వస్తుంది. వచ్చిన వెంటనే మళ్లీ పరీక్ష తిండికి మారితే తగ్గాలి. అప్పుడే తిండి అలర్జీ ఖాయం. తర్వాత కోడి, పెరుగు, గుడ్డు, గోధుమ వంటి వాటిని ఒక్కొక్కటిగా, ఒక్కొక్కటి రెండు వారాలు చేర్చి, అసలు పదార్థాన్ని పట్టుకోవాలి.

అల్వాల్‌లోని ఒక లాబ్రడార్

పెరడు ఉన్న గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లో పెరిగే మూడున్నరేళ్ల ఆడ లాబ్రడార్ అది, బరువు 28 కిలోలు. ఆగస్టులో తోక మొదట్లో హాట్ స్పాట్ వచ్చింది. చికెన్, అన్నం, పెరుగు దాని రోజువారీ తిండి, పొద్దున ఒక గిన్నె పాలు. ఇంటివాళ్లు చికెన్ మానిపించిన రోజే క్లినిక్‌లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడింది, పుండు మాడింది, చికెనే కారణమని తేల్చుకున్నారు. సెప్టెంబరులో కోడి ముక్క ముట్టకుండానే దురద తిరిగి వచ్చింది.

అప్పుడు దువ్వెన పరీక్ష చేస్తే కాగితం మీద పడిన నలుసుల్లో రెండు మాత్రమే ఎర్రగా పాకాయి. ఆ రెండూ చాలు. పెరట్లో పడుకునే పిల్లి కూడా ఆ ఇంటిదే, దానికి ఎన్నడూ మందు వేయలేదు. రెండింటికీ మందు మొదలుపెట్టిన రోజు వెనుక భాగానికి మార్కు ఎనిమిది, చెవులు పాదాలకు ఐదు. రెండు నెలలకు తోక దగ్గర జుట్టు మొలిచి మార్కు ఒకటికి దిగింది. చెవులు పాదాల మార్కు మాత్రం నాలుగు దగ్గరే నిలిచిపోయింది. ఫ్లీ అలర్జీ ఉన్న మాట నిజమే, దానితో పాటు ఇంకేదో ఉందని ఆ రెండో మార్కు చెప్పింది.

చేప, చిలగడదుంపల మీద ఏడో వారానికి చెవుల ఎరుపు పోయి మార్కు ఒకటికి వచ్చింది. పాత తిండి మళ్లీ పెట్టగా మూడో రోజున పాదాలు నాకడం, ఐదో రోజున చెవులు గీరుకోవడం మొదలయ్యాయి. మళ్లీ చేప తిండికి మార్చి తగ్గనిచ్చి, ముందు చికెన్ చేర్చారు. రెండు వారాలు ఏమీ కాలేదు. తర్వాత పెరుగు చేర్చగా నాలుగో రోజుకే చెవి వేడెక్కి ఎర్రబడింది. నెలల తరబడి నింద మోసిన చికెన్ ఇప్పుడు దాని గిన్నెలోకి తిరిగి వచ్చింది, పాలు, పెరుగు, నెయ్యి, పనీర్ పోయాయి, ఫ్లీల మందు కుక్కకూ పిల్లికీ క్యాలెండర్ చూసి పడుతోంది.

రెండు దశలూ నిజాయితీగా చేసినా చెవులు, పాదాల దురద మిగిలితే, గజ్జి కూడా కాదని తేలితే, అప్పుడు మిగిలేది అటోపీ. దానికి చికిత్స వేరు, అది జీవితాంతం సాగుతుంది. గాలి, దుమ్ముల అలర్జీకి చేసే చర్మ పరీక్షలు, రక్త పరీక్షలు ఆ కుక్క ఒంటికి అలర్జీ పదార్థాన్ని నెమ్మదిగా అలవాటు చేసే డీసెన్సిటైజేషన్ ఇంజెక్షన్లు తయారు చేయించడానికి పనికి వస్తాయి. అటోపీ అని తేలిన కుక్కకు కూడా ఫ్లీల మందు ఆపకూడదు, ఎందుకంటే అటోపీ ఉన్న కుక్కలు ఫ్లీ కాటుకు మరింత సులువుగా అలర్జీ తెచ్చుకుంటాయి.